ధాన్యం ఒకటే, లెక్కలు నాలుగు

రైస్ మిల్లులోకి ధాన్యం ఒక్కటే వెళ్తుంది. బయటికి బియ్యం, నూకలు, తవుడు, ఊక వస్తాయి. మరి ధాన్యం కొన్న ఖర్చు వీటిలో దేని మీద ఎంత వేయాలి?

ఈఆర్పీ సాఫ్ట్‌వేర్‌లో ఈ లెక్క రెసిపీతో మొదలవుతుంది. లెక్క తేలిగ్గా ఉండేలా ఊహించిన అంకెలతో చూద్దాం. 100 క్వింటాళ్ల ధాన్యం మర ఆడితే 55 క్వింటాళ్ల బియ్యం, 12 నూకలు, 7 తవుడు, 22 ఊక రావాలని, 4 క్వింటాళ్లు తరుగు పోతుందని రెసిపీలో రాసుకున్నాం. ధాన్యానికి, మర ఆడించడానికి కలిపి 2,40,000 రూపాయలైంది.

మిల్లు నడిచేది బియ్యం కోసం. నూకలకూ చెప్పుకోదగ్గ ధర ఉంది కాబట్టి ఈ రెండింటినీ సహ ఉత్పత్తులుగా పెడదాం. నూనె మిల్లుకు పోయే తవుడు, బాయిలర్లలో మండించే ఊక ఉప ఉత్పత్తులు. వాటికి విడిగా ఖర్చు కట్టరు, వాటిపై వచ్చే 25,000 రూపాయలను మొత్తం ఖర్చులోంచి తీసేస్తారు. మిగిలిన 2,15,000 రూపాయలను బియ్యం, నూకలు పంచుకోవాలి.

బరువు ప్రకారం పంచితే రెండూ క్వింటాలుకు దాదాపు 3,209 రూపాయలు పడతాయి. నూకలు అమ్ముడయ్యేది 2,500కే కాబట్టి, అమ్మిన ప్రతిసారీ నష్టమే కనిపిస్తుంది. అందుకే అమ్మకం విలువను బట్టి పంచడం మేలు. బియ్యం క్వింటాలు 4,000 అయితే విలువలో దాని వాటా 88 శాతం, నూకలది 12 శాతం. అప్పుడు బియ్యానికి 3,440, నూకలకు 2,150 ఖర్చు పడుతుంది.

ఒకరోజు బియ్యం 52, నూకలు 15 క్వింటాళ్లు వచ్చాయనుకుందాం. మొత్తం అదే 67. బరువు మాత్రమే చూసేవారికి తేడా కనబడదు. ఈఆర్పీ మాత్రం మూడు క్వింటాళ్లు 3,440 ధర నుంచి 2,150కి దిగిపోయాయని గుర్తించి, 3,870 రూపాయల దిగుబడి తేడా చూపిస్తుంది.

కారణాన్ని మిల్లులోనే వెతకాలి. పొట్టు తీసే షెల్లర్ దగ్గరే గింజ విరిగి వస్తుంటే, ధాన్యం ఎక్కువగా ఎండి పగుళ్లు పట్టి ఉండవచ్చు, లేదా రబ్బరు రోలర్ల మధ్య ఎడం సరిగా లేకపోవచ్చు. అక్కడ గింజ బాగానే ఉండి పాలిష్ తర్వాత విరిగితే, పాలిషర్ ఒత్తిడి చూడాలి. ధాన్యం దింపుకునేటప్పుడే తేమ రాసి ఉంచుకుంటే ఈ వెతుకులాట సులువవుతుంది.

అయితే వచ్చిన సరుకును తూచకుండా, రెసిపీలోని అంకెలే ఉత్పత్తిగా నమోదయ్యేలా వదిలేస్తే తేడా ఎప్పుడూ సున్నాయే. మర ఆడిన ప్రతి లాటులోనూ ఒక్క క్వింటాలు కూడా అటూఇటూ కాలేదని రిపోర్టు చెబితే, ముందు కాటా చీటీలు అడగాలి.