డెబ్భై వోల్టుల లైన్: దూరంలోని గదులకూ మాట వినిపించే మైకుసెట్

ఒకే యాంప్లిఫయర్ నుంచి బయలుదేరిన రెండు తీగలకు దారి పొడవునా ఎన్నో స్పీకర్లను సమాంతరంగా తగిలించే మైకుసెట్ పద్ధతిని డెబ్భై వోల్టుల లైన్ అంటారు. యాంప్లిఫయర్ పూర్తి సామర్థ్యంతో పనిచేసినప్పుడు ఆ లైన్ మీద 70.7 వోల్టులు ఉంటాయి. మాట నెమ్మదిస్తే వోల్టేజీ కూడా తగ్గుతుంది. ప్రతి స్పీకర్ వెనుకా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, లైన్ వోల్టేజీని స్పీకర్‌కు తగినంతగా దించుతుంది. ఈ పద్ధతి అమెరికాలో బాగా వాడుకలో ఉంది. మన దేశంలో దొరికే మైకుసెట్ యాంప్లిఫయర్లలో చాలావాటికి వెనుక 70, 100 వోల్టుల బిగింపులు రెండూ కనిపిస్తాయి. అంకెలు మారినా రెండింటి సూత్రం ఒకటే.

ఈ ఏర్పాటు ఎందుకు అవసరమో ఒక పాఠశాల ఉదాహరణతో చూద్దాం. యాంప్లిఫయర్ ప్రధానోపాధ్యాయుడి గదిలో ఉంది, తరగతుల భవనం అక్కడికి 150 మీటర్ల దూరంలో ఉంది. 12 గదుల్లో ఒక్కో స్పీకర్‌కు 3 వాట్లు, వరండాలోని రెండు స్పీకర్లకు చెరో 6 వాట్లు చొప్పున మొత్తం 48 వాట్లు కావాలి. వాడిన రాగి తీగ మందం 1.5 చదరపు మిల్లీమీటర్లు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కనుక తీగ పొడవు 300 మీటర్లవుతుంది. దాని నిరోధం సుమారు 3.6 ఓమ్‌లు.

ట్రాన్స్‌ఫార్మర్లు లేకుండా ఈ స్పీకర్లన్నిటినీ కలిపి 8 ఓమ్‌ల లోడుగా అమర్చారనుకుందాం. 48 వాట్ల కోసం యాంప్లిఫయర్ 20 వోల్టులకు కాస్త తక్కువే ఇస్తుంది. 8 ఓమ్‌ల లోడు ముందు 3.6 ఓమ్‌ల తీగ చిన్న అడ్డంకి కాదు. లెక్క వేస్తే స్పీకర్లకు చేరేది దాదాపు 23 వాట్లే, అంటే అడిగినదాంట్లో సగం కూడా కాదు. మరో 10 వాట్లు తీగలోనే వేడిగా పోతాయి.

అదే లోడును 70 వోల్టుల లైన్‌కు తగిలిస్తే యాంప్లిఫయర్‌కు అది సుమారు 104 ఓమ్‌లుగా కనిపిస్తుంది. దాని ముందు 3.6 ఓమ్‌లు లెక్కలోకి రానంత తక్కువ. స్పీకర్లకు 45 వాట్లు అందుతాయి, తీగలో పోయేది ఒకటిన్నర వాట్లు. చెవికి ఆ తేడా తెలియదు. వోల్టేజీ పెరిగితే అదే శక్తికి కావలసిన కరెంటు తగ్గుతుంది. తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక కరెంటు కొంచెం తగ్గినా నష్టం బాగా పడిపోతుంది. ఊళ్లకు కరెంటును హైటెన్షన్ లైన్ల మీద తెచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దించేదీ ఈ కారణంతోనే.

మరో పెద్ద సౌకర్యం లెక్క తేలిక కావడం. ఓమ్‌ల కూడికలతో పనిలేదు. ప్రతి స్పీకర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు 1.5, 3, 6 వంటి వాట్ల ట్యాపింగులు ఉంటాయి. గదికి ఎంత కావాలో ఎంచుకుని తీగ తగిలించి, అన్ని వాట్లనూ కూడితే చాలు. యాంప్లిఫయర్ సామర్థ్యంలో ఐదో వంతు మిగుల్చుకోవడం మంచి పద్ధతి కాబట్టి ఈ పాఠశాల 48 వాట్లకు 60 వాట్ల యాంప్లిఫయర్ సరిపోతుంది. సభా మందిరంలోనూ వేదిక దగ్గర ఒకే పెద్ద స్పీకర్ పెట్టి ముందు వరుసల చెవులు దిబ్బెళ్లు పడేలా చేసేకంటే, పైకప్పు పొడవునా చిన్న స్పీకర్లు పరచి అందరికీ ఒకే స్థాయిలో వినిపించడం ఈ పద్ధతిలో సులభం.

పొరపాట్లు ఎక్కువగా స్పీకర్ దగ్గరే జరుగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ లేని 8 ఓమ్‌ల స్పీకర్‌ను పొరపాటున లైన్‌కు నేరుగా తగిలిస్తే, అదొక్కటే 625 వాట్లు అడిగినట్టవుతుంది. స్పీకర్ కాలిపోవచ్చు, లేదా యాంప్లిఫయర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోవచ్చు. 100 వోల్టుల ట్యాపింగును 70 వోల్టుల లైన్‌కు వాడితే రాసి ఉన్నదాంట్లో సగం వాట్లే వస్తాయి. తిరగేస్తే రెట్టింపై యాంప్లిఫయర్ మీద భారం పడుతుంది. పక్కపక్కనున్న రెండు స్పీకర్లలో ఒకదాని ప్లస్, మైనస్ తారుమారైతే మధ్యలో నిల్చున్నవారికి మాట బోలుగా వినిపిస్తుంది.

లైన్‌లో లోపం వెతికేటప్పుడు మామూలు మల్టీమీటర్ చూపే ఓమ్‌లను నమ్మకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలోని రాగి తీగ నిరోధాన్ని మాత్రమే అది కొలుస్తుంది కనుక అంకె చాలా తక్కువగా వస్తుంది. అసలు లోడు తెలియాలంటే ధ్వని పౌనఃపున్యం వద్ద కొలిచే ఇంపిడెన్స్ మీటరు కావాలి. ఒక స్పీకర్ తెగిపోతే ఆ గది ఒక్కటే మూగబోతుంది. ఎక్కడైనా షార్ట్ అయితే మాత్రం లైన్ మొత్తం ఆగుతుంది. అప్పుడు యాంప్లిఫయర్ ఆపి, లైన్‌ను సగంలో విడదీసి ఏ సగంలో లోపముందో చూస్తూ వెళ్లాలి. అంతస్తుకో లైన్ వేసి ఉంటే ఈ వెతుకులాట చాలా తగ్గుతుంది.

చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోతైన బేస్ శబ్దాన్ని మోయలేవు. ఆ శబ్దం వచ్చినప్పుడు వాటి ఇనుప కోర్ సంతృప్తమై మాట బొంగురుపోతుంది, యాంప్లిఫయర్ మీదా భారం పెరుగుతుంది. అందుకే యాంప్లిఫయర్‌కు ముందే సుమారు 80 హెర్ట్జ్‌ల కింది శబ్దాన్ని ఫిల్టరుతో కోసేస్తారు. ప్రార్థన, ప్రకటనలు, ఉపన్యాసాలకు దీనివల్ల లోటేమీ ఉండదు. సంగీత కచేరీకి మాత్రం వేదిక దగ్గర విడిగా పెద్ద స్పీకర్లు పెట్టుకోవాలి.