సబ్బు బొమ్మకు సరైన వివరం

"అందమైన హ్యాండ్‌మేడ్ సబ్బు" అని మాత్రమే ఏఐకి రాస్తే, ఎవరి సబ్బో తెలియని బొమ్మ వస్తుంది. ఇంట్లో పసుపు సబ్బులు చేసి అమ్మే మహిళ ముందుగా మూడు సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది సరుకు: రంగు, అంచులు, మెరుపు. రెండోది కొనేవారు. పసిపిల్లల తల్లులని రాస్తే మనుషులే బొమ్మలోకి రావచ్చు. వారిని గుర్తుచేసే వస్తువు రాయాలి. మూడోది భావం. "ప్రశాంతంగా" అనేకంటే వెలుతురు ఎలా ఉండాలో చెప్పడం మేలు.

అన్నీ కలిపితే ప్రాంప్ట్ ఇది: "ముదురు పసుపు రంగు పొడి సబ్బు ఒకటి, కత్తితో కోసిన అంచులు, మెరుపు లేదు. పక్కన మడతపెట్టిన చిన్న నూలు తువ్వాలు. నాపరాయి గట్టు. ఎడమ కిటికీ నుంచి ఉదయపు మెత్తని ఎండ. దగ్గరి ఫొటో, కుడివైపు ఖాళీ."

ఆ ఖాళీ పేరు కోసం. ఏఐ గీసే అక్షరాలు తప్పే అవకాశం ఉంది కాబట్టి పేరు తర్వాత చేర్చాలి. "నురగ వద్దు" అంటే కొన్నిసార్లు నురగే వస్తుంది. అందుకే "పొడి సబ్బు" అన్నాం.

చివరగా అసలు సబ్బును తెర పక్కన పెట్టి చూడండి. రంగు, ఆకారం కలవకపోతే ఆ బొమ్మతో అమ్మకండి.