రెండో మోత కోసం ఎందుకు వెతకాలి?

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో అనునాద గొట్టం ప్రయోగం చేసిన విద్యార్థికి ధ్వని వేగం సెకనుకు 332 మీటర్లు వచ్చిందనుకుందాం. పుస్తకంలో 331 అని చదివి ఉంటాడు కాబట్టి, సరిపోయిందని రికార్డులో రాసేస్తాడు. కానీ 331 అనేది సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరి వేగం. వేడి ఒక డిగ్రీ పెరిగితే వేగం సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. గదిలో 30 డిగ్రీలుంటే 349 దాకా రావాలి. అంత చక్కగా కుదిరిన జవాబులో 17 మీటర్లు తగ్గాయన్నమాట.

ఎక్కడ తగ్గాయో చూద్దాం. 512 హెర్ట్జ్ శృతిదండాన్ని రబ్బరు దిమ్మ మీద కొట్టి, అంచుకు తగలకుండా గొట్టం మూతి దగ్గర పట్టుకుంటాం. గొట్టంలో నీటిమట్టాన్ని మెల్లగా దించుతుంటే ఒకచోట శబ్దం ఒక్కసారిగా గట్టిగా మోగుతుంది. అప్పుడు నీటిపైన ఉన్న గాలి పొడవు 16.2 సెంటీమీటర్లు. అది తరంగంలో నాలుగో వంతు అనుకుని, నాలుగుతో, ఆపైన 512తో గుణిస్తే సెకనుకు 332 మీటర్లు వస్తుంది.

పొరపాటు 'నాలుగో వంతు' అనుకోవడంలోనే ఉంది. గాలి కంపనం మూతి దగ్గర ఆగదు, కొంచెం బయటికీ సాగుతుంది. ఆ అదనపు పొడవు గొట్టం లోపలి వ్యాసంలో సుమారు 0.3 వంతు. మూడు సెంటీమీటర్ల గొట్టానికి 0.9 సెంటీమీటర్లు. చూడ్డానికి చిన్నదే గానీ, జవాబులో అయిదు శాతం మింగేస్తుంది. ఎన్నిసార్లు కొలిచి సగటు తీసినా ఈ లోటు తీరదు, ఎందుకంటే ప్రతి కొలతా ఒకే వైపుకు తగ్గుతుంది.

అందుకే నీటిని ఇంకా దించి రెండో మోత కోసం వెతకాలి. అది 50.3 సెంటీమీటర్ల దగ్గర వినిపించిందనుకుందాం. రెండు కొలతల్లోనూ మూతి దగ్గరి అదనం ఒకటే కాబట్టి తీసివేతలో అది పోతుంది. మిగిలిన 34.1 సెంటీమీటర్లు సరిగ్గా అర తరంగం. రెట్టింపు చేసి 512తో గుణిస్తే 349 వస్తుంది.

ఈ 349ని ఎంతవరకు నమ్మవచ్చు? మోత ఒక గీత మీద పుట్టి ఆగిపోదు. కొన్ని మిల్లీమీటర్ల మేర ఒకేలా వినిపిస్తుంది. నీటిని దించుతూ ఒకసారి, ఎక్కిస్తూ ఒకసారి చూసి మధ్య విలువ తీసుకున్నా, ఒక్కో కొలతలో 2 మిల్లీమీటర్లు అటూ ఇటూ కావచ్చు. రెండు కొలతల దోషాలను నేరుగా కూడకూడదు. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివి గనుక, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. దాదాపు 3 మిల్లీమీటర్లు వస్తుంది. 341 మిల్లీమీటర్లలో 3 అంటే ఒక శాతం లోపే. కాబట్టి ఫలితాన్ని 349 ± 3 అని రాయాలి. కాలిక్యులేటర్ చూపించిన 349.184 రాస్తే, చెవికి లేని ఖచ్చితత్వాన్ని ఉన్నట్టు చెప్పినట్టే.

వేర్వేరు శృతిదండాలు దొరికితే ఇంకో పరీక్ష చేయవచ్చు. ఒక్కో దండానికి మొదటి మోత పొడవును నిలువు అక్షం మీద, ఒకటిని పౌనఃపున్యంతో భాగిస్తే వచ్చే విలువను అడ్డ అక్షం మీద గుర్తిస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు ధ్వని వేగంలో నాలుగో వంతు. ఆ గీతను వెనక్కి పొడిగిస్తే నిలువు అక్షాన్ని సున్నా కింద సుమారు 0.9 సెంటీమీటర్ల దగ్గర తాకుతుంది.