మీ షడ్జం ఎక్కడుంది?

కరయోకే ట్రాక్ పెట్టుకుని ఇష్టమైన పాట మొదలుపెడతారు. పల్లవి హాయిగా సాగుతుంది. చరణంలో స్వరం పైకి వెళ్లేసరికి గడ్డం పైకి లేస్తుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, పాట అరుపవుతుంది. గొంతు బాగాలేదని సరిపెట్టుకుంటారు. చాలాసార్లు లోపం గొంతులో కాదు, శ్రుతిలో ఉంటుంది. ట్రాక్ అసలు గాయకుల శ్రుతిలో ఉంటుంది, పాడేవారిది వేరే శ్రుతి.

చర్చి గాయక బృందంలో గొంతులను సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని విడదీస్తారు. కర్ణాటక సంగీతంలో గురువు అడిగేది ఒకటే: ఎన్నో శ్రుతి? హార్మోనియంపై తెల్ల మెట్లను ఒకటి నుంచి ఏడు వరకు లెక్కపెడితే, మధ్యలోని నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర వంటివి అవుతాయి. మగవారిలో ఎక్కువమంది ఒకటి, రెండు శ్రుతుల చుట్టుపక్కల పాడతారు. ఆడవారిలో ఎక్కువమంది నాలుగున్నర, ఆరు మధ్య పాడతారు.

తమ శ్రుతి తెలుసుకోవాలంటే ముందు రెండు చివరలూ పట్టుకోవాలి. నిద్ర లేవగానే చూడకూడదు. అప్పుడు గొంతు బరువుగా ఉండి, మామూలుగా అందని కింది స్వరాలు కూడా పలుకుతాయి. సాయంత్రం, కాస్త పాడి గొంతు వేడెక్కాక, 'ఆ' అంటూ ఒక్కో మెట్టు దిగాలి, తర్వాత ఎక్కాలి. ఐదు సెకన్లు నిలకడగా, గాలి చప్పుడు లేకుండా, గడ్డం ఎత్తకుండా నిలిచిన స్వరాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఒక్కసారి తాకి వదిలేసింది లెక్క కాదు.

ఒక గాయని ఇలా చూసుకున్నారనుకుందాం. కింద మూడో తెల్ల మెట్టు వరకు దిగారు, అక్కడి నుంచి తెల్లవీ నల్లవీ కలిపి 22 మెట్లు పైకి వెళ్లగలిగారు. మంద్ర పంచమం నుంచి తార పంచమం వరకు పాడాలంటే 24 మెట్లు ఎక్కాలి. అంటే రెండు తక్కువ. ఐదు శ్రుతి పెట్టుకుంటే తార పంచమం సరిగ్గా అందుతుంది, కింద మంద్ర పంచమానికి రెండు మెట్లు చాలవు. ఆరు శ్రుతిలో అదే తిరగబడుతుంది: కింద అందుతుంది, పైన రెండు మెట్లు చాలవు. ఏది ఎంచుకోవాలి? కృతుల్లో మంద్ర పంచమం మీద ఎక్కువసేపు నిలిచేవి తక్కువ. అనుపల్లవిలోనో చరణంలోనో తారస్థాయికి వెళ్లేవే ఎక్కువ. కాబట్టి ఆమెకు ఐదు మేలు. సినిమా పాటకూ ఇదే లెక్క. పాటలో అన్నిటికన్నా పైనున్న స్వరం తన హద్దు దాటితే, ట్రాక్‌నే ఒకటి రెండు మెట్లు దించుకోవాలి.

శ్రుతి కుదిరినా ఊపిరి అదుపు తప్పితే పై స్వరం నిలవదు. చాలామంది దీన్ని గాలి గట్టిగా తోయడం అనుకుంటారు. నిజానికి ఇది బ్రేకు లాంటి పని. నిండా ఊపిరి పీల్చినప్పుడు ఊపిరితిత్తులు ఊదిన బుడగలా సాగి ఉంటాయి. పట్టు వదిలితే తమంతట తామే ముడుచుకుని గాలిని ఒక్కసారిగా పైకి నెడతాయి. దాన్ని ఆపడానికి స్వరతంత్రులు బిగుసుకుంటాయి, గొంతు నొక్కేసినట్టు పలుకుతుంది. అందుకే పాట మొదలైన కొన్ని క్షణాల పాటు పక్కటెముకలు వెంటనే కుంగకుండా చూసుకోవాలి. పొట్ట కండరాల సాయం తర్వాత, ఊపిరి తగ్గుతున్నకొద్దీ అవసరమవుతుంది.

పరీక్ష సులువు. చేతులు కింది పక్కటెముకల మీద ఆనించి, ఊపిరి పీల్చి, 'స్‌స్‌స్' అంటూ 20 సెకన్లు ఒకే జోరులో వదలాలి. భుజాలు లేస్తే ఊపిరి పైపైనే తీసుకున్నట్టు. మొదట జోరుగా వచ్చి చివర సన్నబడితే పట్టు ముందే వదిలేసినట్టు.

పాడే ముందు పది నిమిషాలు చాలు. నోరు మూసి మెల్లగా హమ్ చేయాలి. తర్వాత గ్లాసు నీళ్లలో స్ట్రాను రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, బుడగలు వచ్చేలా 'ఊ' అని పలకాలి. ఎదురొచ్చే ఒత్తిడి వల్ల స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండా కంపిస్తాయి. బుడగలు ఆగి ఆగి వస్తుంటే ఊపిరి కూడా తడబడుతోందని అర్థం. ఆ తర్వాత షడ్జం నుంచి పంచమం దాకా జారుడుగా వెళ్లి రావాలి, ఆపై మధ్యస్థాయిలో సరళీ వరుసలు పాడాలి. తారస్థాయి చివర్లోనే.

వేడినీళ్లు తాగితే గొంతు తెరుచుకుంటుందని నమ్మేవారున్నారు. తాగిన నీళ్లు అన్నవాహికలోకి పోతాయి, స్వరతంత్రులను తాకవు. అవి తడిగా ఉండాలంటే రోజంతా కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతుండాలి. పాడాక గొంతు బొంగురుపోతే ఆ రోజుకు సాధన ఆపాలి. నొప్పి ఉన్నా, బొంగురుతనం రెండు మూడు వారాలు తగ్గకపోయినా చెవి ముక్కు గొంతు వైద్యులకు చూపించుకోవాలి. స్వరతంత్రుల మీద బొడిపెలు వచ్చాయేమో వారు సన్నటి కెమెరాతో చూసి చెప్పగలరు.