జీవో అక్కర్లేని సాయం

2020 మార్చి రెండో వారంలో అమెరికాలో నిరుద్యోగ భృతికి కొత్తగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు మూడు లక్షల లోపే. మరుసటి వారానికి వాళ్లు దాదాపు ముప్పై లక్షలయ్యారు, ఆ పైవారానికి అరవై లక్షల దాకా వెళ్లారు. కరోనా భయంతో హోటళ్లు, దుకాణాలు, విమానాలు ఒక్కసారిగా ఆగిపోయిన రోజులవి. అధ్యక్షుడు ట్రంప్ సహాయ చట్టం మీద సంతకం పెట్టింది మార్చి 27న. కానీ అంతకు ముందే దరఖాస్తు పెట్టుకున్న వాళ్లలో చాలామందికి భృతి అడిగే హక్కు ఉంది. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం వేసిన పునాది అది. కొత్తగా ఎవరూ ఏమీ ప్రకటించనక్కర్లేదు.

ఇలా ఎవరి సంతకం కోసమూ ఆగకుండా, ఆదాయం పడిపోగానే కదిలే ఏర్పాట్లను ఆర్థికవేత్తలు ఆటోమేటిక్ స్టెబిలైజర్లు అంటారు. ప్రభుత్వం కూర్చుని ఆలోచించి, చట్టసభలో ఒప్పించి, ఇంత సొమ్మని ప్రకటించేది ఉద్దీపన ప్యాకేజీ. ఈ రెండింటి మధ్య తేడా ఎంతో 2020లో అమెరికాలో బయటపడినంత స్పష్టంగా ఇంకెక్కడా బయటపడలేదేమో.

మొదట పన్ను సంగతి చూద్దాం. ఏడాదికి 60,000 డాలర్ల జీతం తీసుకునే ఒంటరి ఉద్యోగి ఉన్నాడనుకోండి. 2020 స్లాబుల ప్రకారం, అందరికీ ఇచ్చే మినహాయింపు పోగా అతను కట్టాల్సిన కేంద్ర ఆదాయపు పన్ను సుమారు 6,260 డాలర్లు. పని గంటలు తగ్గి జీతం 45,000కు పడితే పన్ను 3,715కు దిగుతుంది. జీతం పాతిక శాతమే తగ్గింది, పన్ను మాత్రం నలభై శాతం తగ్గింది. 22 శాతం స్లాబులో ఉన్న కాస్త ఆదాయమే ముందు ఎగిరిపోయింది కాబట్టి ఇలా జరుగుతుంది. అతను పోగొట్టుకున్న 15,000లో రెండున్నర వేల పైచిలుకు నష్టాన్ని ఖజానా మోసినట్టే. జీతంలోంచి కోసుకునే పన్నే తగ్గుతుంది కాబట్టి, అందులో ఎక్కువ భాగం ఆ నెల జీతంతోనే చేతికొస్తుంది. ఇందుకు ఏ ఫారమూ నింపక్కర్లేదు. మళ్లీ జీతం పెరిగితే పన్నూ దానంతటదే పెరుగుతుంది.

ఉద్యోగమే పోయినవాడికి పన్ను తగ్గింపు ఆసరా కాదు, భృతి కావాలి. భృతి ఎంతన్నది అక్కడ రాష్ట్రాల ఇష్టం. ఫ్లోరిడాలో వారానికి గరిష్ఠం 275 డాలర్లు, అది కూడా ఆ ఏడాది 12 వారాలే. వారానికి 500 సంపాదించే హోటల్ సర్వర్‌కు సుమారు 250 వస్తుంది. దాంతో అద్దె కట్టడమే కష్టం. యంత్రం తనంతట తాను కదిలిన మాట నిజమే గానీ, అంత పెద్ద బరువు లాగే బలం దానికి లేదు. అందుకే మార్చి 27 చట్టం రాష్ట్రాలిచ్చే భృతికి తోడుగా వారానికి 600 డాలర్లు కలిపింది.

ఈ 600 లెక్క ఎక్కణ్నుంచి వచ్చింది? దేశంలో సగటు వారపు జీతానికీ, సగటు భృతికీ మధ్య ఉన్న తేడా అది. ఎవరి జీతాన్ని బట్టి వాళ్లకు లెక్కగట్టి ఇవ్వడమే న్యాయం. కానీ రాష్ట్రాల భృతి కార్యాలయాల్లో చాలాచోట్ల ఉన్నవి దశాబ్దాల నాటి కంప్యూటర్ వ్యవస్థలు. న్యూజెర్సీ గవర్నరైతే కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లు సాయానికి రమ్మని బహిరంగంగా అడిగారు. ఇలాంటి వ్యవస్థలు ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క వేయలేవని, అందరికీ ఒకే మొత్తం ఖాయం చేశారు. దాంతో మన సర్వర్‌కు 850 డాలర్లు వచ్చాయి, పోయిన జీతం 500 అయితే. భృతి అందుకున్నవాళ్లలో సగానికి మించి ఇలా పాత జీతం కంటే ఎక్కువే తీసుకున్నారని ఆర్థికవేత్తల లెక్కలు తేల్చాయి. అయితే ఆ డబ్బు చేతికందే దారి కూడా సాఫీగా లేదు. ఫ్లోరిడా వెబ్‌సైటు తట్టుకోలేక కూలబడింది. హయలియా పట్టణంలో కాగితం దరఖాస్తుల కోసం జనం గ్రంథాలయం బయట బారులు తీరారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. అదనపు 600 జులై నెలాఖరుతో ఆగిపోతుందని చట్టంలోనే రాశారు. జులైలో నిరుద్యోగం ఇంకా పది శాతానికి పైనే ఉంది. అయినా తేదీ వచ్చింది, డబ్బు ఆగింది. కొనసాగించాలా వద్దా, ఎంత ఇవ్వాలి అన్న తగవు కాంగ్రెస్‌లో డిసెంబరు చివరిదాకా సాగింది. మధ్యలో విపత్తు నిధి నుంచి కొన్ని వారాలు 300 చొప్పున సర్దారు. ఆ తర్వాత 2021 మార్చిలో, నిరుద్యోగం ఆరు శాతానికి దిగాక, 1.9 లక్షల కోట్ల డాలర్ల మరో ప్యాకేజీ వచ్చింది. ఇంత సొమ్ము ఒక్కసారి గుమ్మరిస్తే ధరలు ఎగబాకుతాయని మాజీ ఆర్థిక మంత్రి లారెన్స్ సమ్మర్స్ ముందే హెచ్చరించారు. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. సరఫరాల కొరత, యుద్ధం కూడా అందుకు కారణాలే. ప్యాకేజీ వాటా ఎంతన్నది ఇప్పటికీ వాదనే. ఒక్కటి మాత్రం కనిపిస్తుంది: జనానికి అవసరం తీరలేదన్నప్పుడు సాయం ఆగింది, కోలుకుంటున్నప్పుడు పోటెత్తింది. రెండుసార్లూ తేదీని నిర్ణయించింది ఆర్థిక పరిస్థితి కాదు, చట్టసభలో బలాబలాలు.

దీనికి ఒక మందు 2019లోనే క్లాడియా సామ్ అనే ఆర్థికవేత్త ప్రతిపాదించారు. మూడు నెలల సగటు నిరుద్యోగ రేటు, గడచిన పన్నెండు నెలల కనిష్ఠం కంటే అర శాతం పెరిగితే మాంద్యం మొదలైనట్టే లెక్క. ఆ గీత దాటగానే ఇళ్లకు నగదు దానంతటదే వెళ్లేలా ముందే చట్టం చేసుకోండి అన్నారామె. అయితే ఈ కొలబద్దకూ పరిమితి ఉంది. 2024 జులైలో అమెరికా ఆ గీత దాటింది, మాంద్యం మాత్రం రాలేదు. చట్టమే ఉండుంటే అక్కర్లేని వేళ డబ్బు పంచేవాళ్లు.

ఏ యంత్రమైనా తన జాబితాలో ఉన్నవాళ్లనే ఆదుకుంటుంది. హెచ్-1బీ మీద అక్కడ పనిచేసే మనవాళ్ల సంగతే తీసుకోండి. వాళ్ల కంపెనీలు భృతి నిధికి పన్ను కడతాయి. అయినా ఉద్యోగం పోతే చాలామందికి భృతి రాదు. ఎక్కడైనా వెంటనే చేరగలిగి ఉండాలన్నది భృతి షరతు, వీసా ఏమో ఒక్క యజమానికే కట్టేస్తుంది. మరో కొలువు చూసుకోవడానికి వాళ్లకుండేది 60 రోజుల గడువు.

మన దేశంలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లు తక్కువ, అమెరికా తరహా భృతి లేదు. 2020లో పల్లెల్లో ఆ పని కొంతైనా చేసింది ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకం అది. బయట మంచి కూలి దొరికిననాడు ఎవరూ ఆ పనికి వచ్చేవారు కాదు, దొరకనినాడు పలుగు, పార పట్టుకుని వచ్చేవారు. అర్హులెవరో ఎవరూ వడకట్టక్కర్లేకపోయేది. లాక్‌డౌన్‌లో వలస కూలీలు ఊళ్లకు తిరిగొచ్చి పని అడిగారు. బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్ల రూపాయలు చాలవని తేలి, మే నెలలో కేంద్రం మరో 40,000 కోట్లు ప్రకటించింది. పని అడిగే హక్కు అప్పటి చట్టంలోనే ఉండేది. కూలి డబ్బు మాత్రం ప్రకటన కోసం ఎదురుచూడాల్సి వస్తే, ఆ ఏర్పాటు సగమే ఆటోమేటిక్.