మోటార్ తిరుగుతోంది, సంపులో నీళ్లున్నాయి, మరి పైకి ఎందుకు రావట్లేదు?

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన గొడవ నుంచి పుట్టింది. మే నెల, అప్పుడే ట్యాంకర్ వచ్చి సంపు నింపి వెళ్లింది. అమ్మ మోటార్ స్విచ్ వేసింది. మోటార్ శబ్దం మామూలుగానే వస్తోంది, కానీ పైన ట్యాంక్‌లో చుక్క నీరు పడట్లేదు. చూడ్డానికి వచ్చినాయన రెండు నిమిషాల్లో తేల్చేశాడు: "దీనికి పవర్ సరిపోవట్లేదు తమ్ముడూ, అర హెచ్‌పీ తీసేసి ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ పెట్టించు." అంటే ఏడెనిమిది వేలు. చివరికి నాకు అయిన ఖర్చు ముప్పై రూపాయలు. ఎలాగో చెప్తాను.

ముందు ఒక విషయం. మోటార్ నీళ్లు లాగుతుంది అని మనం అంటాం కదా, నిజానికి అది లాగదు. పంపు తన లోపల ఒత్తిడిని తగ్గిస్తుంది, అంతే. సంపులో నీళ్ల మీద ఉన్న గాలి ఆ నీళ్లని పైపులోకి తోస్తుంది. కొబ్బరిబోండంలో స్ట్రా పెట్టి తాగినప్పుడు జరిగేది కూడా ఇదే. తోసేది గాలి కాబట్టి, గాలికి ఎంత బలం ఉందో అంత ఎత్తు వరకే నీళ్లు వస్తాయి. సముద్ర మట్టం దగ్గర ఆ లెక్క ఇది:

```
101325 / (1000 × 9.8) = 10.3 మీటర్లు
```

పంపు లోపల గాలి అసలు లేకుండా చేసినా ఇంతకు మించి రాదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, కాబట్టి ఇక్కడ ఇంకో అర మీటరు పైనే తగ్గుతుంది. పైపులో రాపిడి, నీళ్ల ఆవిరి, పంపు అరుగుదల అన్నీ తీసేస్తే నమ్మకంగా లెక్క వేసుకోగలిగింది ఆరేడు మీటర్లు, అంటే ఇరవై అడుగుల చిల్లర. ఒక హెచ్‌పీ పెట్టినా, ఐదు హెచ్‌పీ పెట్టినా ఈ పరిమితి మారదు. హెచ్‌పీ పెరిగితే పైకి తోసే బలం పెరుగుతుంది, కింద నుంచి వచ్చే ఎత్తు కాదు. లోతైన బోరులో మోటార్‌నే నీళ్లలోకి దించేది ఇందుకే.

ఇప్పుడు మా ఇంటి లెక్క చూద్దాం. సంపు లోతు 8 అడుగులు, అందులో 5 అడుగుల నీళ్లున్నాయి. మోటార్ నేల మీద అడుగు ఎత్తు దిమ్మె మీద ఉంది. నీటి మట్టం నుంచి మోటార్ వరకు నిలువుగా కొలవాలి, పైపు పొడవు కాదు. 8 లోంచి 5 తీసేస్తే 3, దిమ్మె ఒక అడుగు కలిపితే 4 అడుగులు. ఇరవై అడుగులు ఎక్కడ, నాలుగు అడుగులు ఎక్కడ! పైగా నిన్నటి దాకా ఇదే మోటార్ నీళ్లు ఎక్కించింది. కాబట్టి తప్పు బలంలో లేదు. ఎక్కడో గాలి దూరుతోంది.

గాలి దూరితే అంత నష్టం ఏంటి అంటారా? పంపు లోపల తిరిగే చక్రం, అంటే ఇంపెల్లర్, తనలో ఉన్నదాన్ని బయటికి విసురుతుంది. గాలి నీళ్ల కంటే దాదాపు 800 రెట్లు తేలిక. నీళ్లని 20 మీటర్లు ఎక్కించగల పంపు ఉత్త గాలితో తిరిగితే, అది పుట్టించే ఒత్తిడి రెండున్నర సెంటీమీటర్ల నీళ్లని లేపడానికి కూడా చాలదు. మోటార్‌కి గాలి పట్టింది అంటాం చూడండి, అది ఇదే. అందుకే స్టార్ట్ చేసే ముందు నీళ్లు పోసి నింపాలి. సెల్ఫ్ ప్రైమింగ్ అని రాసి ఉన్న మోటార్‌కి కూడా మొదటిసారి లోపల నీళ్లు ఉండాల్సిందే.

సరే, చెకింగ్ మొదలుపెడదాం. ముందు మెయిన్ ఆఫ్ చేయండి. మోటార్ పక్కన డెలివరీ లైన్‌కి ట్యాప్ ఉంటే తెరవండి, లోపలి గాలి బయటికి పోవాలి. మోటార్ మీద బిరడా తీసి, బుడగలు ఆగే దాకా మెల్లగా నీళ్లు పోయండి. నిండాక పది నిమిషాలు ఆగి చూడండి.

మట్టం దిగిపోతే నీళ్లు వెనక్కి వెళ్లిపోతున్నాయని అర్థం. బయట కనిపించే పైపు అంతా చేత్తో తడిమి చూడండి. ఎక్కడా తడి లేకపోతే అనుమానం ఫుట్‌వాల్ మీదే. సంపులో పైపు చివర ఉండే వాల్వ్ అది. దాని మూతలో ఇసుక, ఆకు, ఊడిపోయిన టెఫ్లాన్ టేప్ ముక్క ఇరుక్కుంటే సరిగ్గా మూసుకోదు. యూనియన్ విప్పి పైపుతో సహా పైకి లాగి కడగండి. దయచేసి సంపులోకి మాత్రం దిగొద్దు. మూసి ఉన్న సంపులో ఆక్సిజన్ లేక మనుషులు చనిపోతారు, కాపాడబోయినవాళ్లు కూడా పోతారు.

మా ఇంట్లో మట్టం దిగలేదు. అంటే ఫుట్‌వాల్ బాగానే ఉంది. బిరడా బిగించి మోటార్ వేశాను. ట్యాప్‌లోంచి ఇరవై సెకన్లు నీళ్లు వచ్చాయి, తర్వాత తెల్లగా నురగలాగా బుడగలతో వచ్చి ఆగిపోయాయి. ఇదే అసలు గుర్తు. నిలిచి ఉన్న నీళ్లని ఆపగలిగిన జాయింట్, మోటార్ తిరిగేటప్పుడు బయటి గాలిని ఆపలేకపోతోంది. ఇలాంటి లీక్ కంటికి కనపడదు. అక్కడ లోపలి ఒత్తిడే తక్కువ కాబట్టి నీళ్లు బయటికి కారవు, గాలే లోపలికి పోతుంది.

పట్టుకోవడానికి చిన్న ఉపాయం ఉంది. మళ్లీ నీళ్లు నింపి, మోటార్ వేసి, సంపు నుంచి మోటార్ వరకు ఉన్న ఒక్కో జాయింట్ మీద చిక్కటి సబ్బు నురగ పెట్టండి. తడి చెయ్యి మోటార్ మీద, వైర్ల దగ్గర పెట్టొద్దు. యూనియన్ దగ్గర నురగ గుంట పడి లోపలికి పోయింది. దొరికేసింది! విప్పి చూస్తే లోపలి రబ్బర్ వాషర్ ఎండిపోయి బీటలు వారింది. కొత్త వాషర్ ముప్పై రూపాయలు. వేసి బిగించి, నీళ్లు పోసి స్విచ్ వేస్తే, నిమిషంలో ట్యాంక్‌లో నీళ్లు పడుతున్న శబ్దం వినిపించింది.

మీ ఇంట్లో యూనియన్ బాగుంటే, బిరడా వాషర్ చూడండి. తర్వాత మోటార్‌కీ పంపుకీ మధ్య షాఫ్ట్ దగ్గర చూడండి. మోటార్ ఆపినప్పుడు అక్కడ చుక్కలు పడుతుంటే మెకానికల్ సీల్ పోయినట్టు, దానికి మెకానిక్ కావాలి. ఇవేవీ కాకపోతే సంపులో మట్టం చూడండి. నీళ్లు ఫుట్‌వాల్ దగ్గరికి దిగిపోతే సుడి తిరిగి, అందులోంచే గాలి పోతుంది.

ఒక్క జాగ్రత్త. నీళ్లు రానప్పుడు, కాసేపటికి అదే లాగుతుందిలే అని మోటార్‌ని అలా తిరగనివ్వొద్దు. ఆ సీల్‌ని చల్లగా ఉంచేది నీళ్లే. పొడిగా తిరిగితే సీల్ కాలిపోతుంది, అప్పుడు ముప్పై రూపాయల పని కాస్తా వందల్లోకి పోతుంది. అర నిమిషంలో నీళ్లు రాకపోతే ఆపేసి మళ్లీ నింపండి. మూడోసారి కూడా రాకపోతే గాలి ఎక్కడ దూరుతోందో వెతకండి. కొత్త మోటార్ కొన్నా అదే పాత వాషర్ మీద బిగిస్తే, అది కూడా ఇలాగే ఉత్తినే తిరుగుతుంది.