గీతలున్నాయి, నెట్ లేదు

శంషాబాద్‌లో విమానం ఎక్కేదాకా చక్కగా పనిచేసిన ఫోను దుబాయ్‌లో దిగగానే మొండికేస్తుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, ఇంటికి ఫోన్ చేస్తే కలుస్తుంది, వాట్సాప్‌లో మాత్రం ఒక్క మెసేజీ కదలదు. చాలామంది ముందు ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. అదీ పనిచేయకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లి కనిపించిన బటన్లన్నీ నొక్కుతారు. ఒక లోపం ఉన్నచోట మూడు చేరేది అలాగే.

నిజానికి స్క్రీన్ పైభాగాన ఉండే చిన్న గుర్తులను నిదానంగా చూస్తే లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. ఆ గుర్తులు అర్థం కావాలంటే రోమింగ్‌లో తెరవెనుక ఏం జరుగుతుందో కాస్త తెలియాలి.

ప్రతి సిమ్‌లోనూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాని మొదటి మూడు అంకెలు దేశాన్ని చెబుతాయి. మన సిమ్‌లకు అవి 404 లేదా 405. యూఏఈ నెట్‌వర్క్‌లు 424 అని ప్రకటించుకుంటాయి. విమానం దిగి ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయగానే ఫోన్ ఆ 424 విని, తాను పరాయి దేశంలో ఉన్నానని గ్రహిస్తుంది. అక్కడి ఎతిసలాత్ లేదా డు టవర్‌ను చోటు అడుగుతుంది. ఆ నెట్‌వర్క్ వెంటనే ఇండియాలోని మన ఆపరేటర్‌ను సంప్రదిస్తుంది: ఈ సిమ్ మీదేనా, దీన్ని రానివ్వమంటారా, ఏయే సేవలు ఇవ్వమంటారు? కాల్స్‌కు, డేటాకు అనుమతి వేర్వేరు. మాట కలిసి నెట్ రాకపోవడానికి మొదటి కారణం ఇదే.

అనుమతి వచ్చాక కూడా మన డేటా నేరుగా అక్కడి ఇంటర్నెట్‌లోకి వెళ్లదు. మామూలుగా అది ఇండియాలోని మన ఆపరేటర్ దగ్గరికి తిరిగివచ్చి, అక్కణ్నుంచి బయటి ప్రపంచంలోకి పోతుంది. చైనా వెళ్లినవాళ్లకు ఇది అనుభవమే. హోటల్ వైఫైలో తెరుచుకోని గూగుల్, వాట్సాప్ మన సిమ్ రోమింగ్‌లో తెరుచుకుంటాయి. కారణం, ఆ డేటా చైనా ఇంటర్నెట్‌ను తాకకుండా సొంతదేశం చేరడమే. కాబట్టి నెట్ రావాలంటే ఫోన్ ఒప్పుకోవాలి, మన ఆపరేటర్ ఒప్పుకోవాలి, ఇంటికి దారి సరిగ్గా రాసి ఉండాలి.

ఇక గుర్తులు చూద్దాం. గీతలే లేకుండా 'Emergency calls only' అని గానీ 'No service' అని గానీ కనిపిస్తే, ఎక్కువసార్లు అడ్డు మన ఆపరేటర్ దగ్గరే ఉంటుంది. అంతర్జాతీయ రోమింగ్ అనేది అడిగితే గాని తెరవని సేవ. దాన్ని ఆన్ చేయించుకోకుండా విమానం ఎక్కితే, అక్కడి నెట్‌వర్క్ అడిగినప్పుడు ఇండియా నుంచి వద్దనే జవాబు వెళుతుంది. ఎయిర్‌పోర్టు వైఫై పట్టుకుని ఆపరేటర్ యాప్‌లో రోమింగ్ ఆన్ చేయవచ్చు. కాకపోతే యాప్‌లో ముందే లాగిన్ అయి ఉండాలి. లేకపోతే అది ఓటీపీ పంపుతుంది, ఆ ఓటీపీ రావలసింది సిగ్నల్ లేని అదే సిమ్‌కు.

ఆన్ చేశాక కూడా గీతలు రాకపోతే కంగారు పడక్కర్లేదు. ఒకసారి వద్దన్న నెట్‌వర్క్ పేరును ఫోన్ సిమ్‌లోనే నిషేధ జాబితాలో రాసిపెట్టుకుంటుంది, తనంతట తాను మళ్లీ దాన్ని అడగదు. ఆ జాబితా సిమ్ మీద ఉండటంతో ఫోన్ ఆపి ఆన్ చేసినా అది చెరిగిపోకపోవచ్చు. నెట్‌వర్క్ ఎంపికలో ఆటోమేటిక్ తీసేసి, ఫోన్ వెతికి చూపిన పేర్లలోంచి మనమే ఒకదాన్ని నొక్కితే ఫోన్ దాన్ని మళ్లీ అడుగుతుంది. ఈసారి అనుమతి వస్తే ఆ పేరు జాబితాలోంచి తొలగిపోతుంది. కలిశాక తిరిగి ఆటోమేటిక్‌లో పెట్టాలి.

అమెరికా వెళ్లేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడి పెద్ద నెట్‌వర్క్‌లు 2022లో 3జీని మూసేశాయి. బ్యాటరీ మిగులుతుందని ఎవరైనా ఫోన్‌ను 3జీకే పరిమితం చేసి ఉంటే, దానికి అక్కడ పట్టుకోవడానికి సిగ్నలే దొరకదు.

గీతలు ఉండి, పక్కన R కనిపిస్తూ, 4జీ గుర్తు మాత్రం రాకపోతే కథ వేరు. R అంటే రోమింగ్. ఆ అక్షరం ఉందంటే అక్కడి నెట్‌వర్క్ మనల్ని రానిచ్చినట్టే. ఇప్పుడు ముందు చూడాల్సింది మన ఫోన్‌నే. డేటా రోమింగ్ స్విచ్‌ను ఫోన్లు మామూలుగా ఆపే ఉంచుతాయి, తెలియకుండా పెద్ద బిల్లు పడకూడదని. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆ సిమ్‌ను నొక్కితే Roaming కనిపిస్తుంది. ఐఫోన్‌లో మొబైల్ డేటా ఆప్షన్లలో Data Roaming ఉంటుంది. రెండు సిమ్‌లున్న ఫోన్‌లో ఈ స్విచ్ ఒక్కో సిమ్‌కు ఒక్కోటి. అంతేకాదు, డేటాకు ఏ సిమ్ వాడాలన్నది మరో చోట ఎంచుకోవాలి. ప్యాక్ ఒక సిమ్ మీద, డేటా ఎంపిక ఇంకో సిమ్ మీద ఉండిపోవడం తరచూ జరిగే పొరపాటు.

స్విచ్ ఆన్ చేసినా 4జీ రాకపోతే చూడాల్సింది ఏపీఎన్. మన డేటా ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆపరేటర్ దగ్గర ఏ ద్వారంలోంచి రావాలో చెప్పే పేరు అది. ఎయిర్‌టెల్‌కు airtelgprs.com, జియోకు jionet, బీఎస్‌ఎన్‌ఎల్‌కు bsnlnet. సొంతూళ్లో ఆ పేరు తప్పుగా ఉన్నా చాలాసార్లు నెట్ వస్తుంది. ఉత్తరం మీద ఇంటి నంబరు తప్పు రాసినా ఊరి పోస్ట్‌మన్ మనిషిని ఎరుగును కాబట్టి తెచ్చి ఇస్తాడు, పైఊరి పోస్ట్‌మన్ తిప్పి పంపేస్తాడు. ఏపీఎన్ విషయంలోనూ అంతే. మన ఆపరేటర్ తప్పు పేరును తానే సర్దుకుంటుంది. విదేశీ నెట్‌వర్క్ మాత్రం ఆ పేరు మన చందా వివరాల్లో ఉందో లేదో చూసి, లేకపోతే తిరస్కరిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. జగిత్యాల నుంచి షార్జాలో ఉన్న పెద్దకొడుకు దగ్గరికి వెళ్లిన తల్లి ఫోన్‌లో రెండు సిమ్‌లున్నాయి. మొదటి సిమ్‌కు రోమింగ్ ప్యాక్ వేయించారు. దుబాయ్‌లో దిగగానే స్వాగతం చెబుతూ ఎస్సెమ్మెస్ వచ్చింది, కొడుకు ఫోన్ చేస్తే మోగింది. గీతల పక్కన R ఉంది, నెట్ లేదు. మెసేజీ వచ్చి, కాల్ కలిసిందంటే అంతర్జాతీయ రోమింగ్ తెరుచుకున్నట్టే కాబట్టి ఆపరేటర్‌కు ఫోన్ చేసే అవసరం అప్పటికి లేదు. బయట కలిసిన కొడుకు ఫోన్ తీసుకుని చూస్తే డేటా ఎంపిక రెండో సిమ్ మీద ఉంది. దాన్ని మొదటి సిమ్‌కు మార్చి, ఆ సిమ్‌కే డేటా రోమింగ్ ఆన్ చేశాడు. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తీశాడు. అయినా 4జీ గుర్తు రాలేదు. అప్పుడు ఆ సిమ్ సెట్టింగ్స్‌లో Access Point Names తెరిస్తే, ఎప్పుడూ వినని పేరొకటి ఎంపికై ఉంది.

"అమ్మా, ఇది ఎవరు పెట్టిన్రు?"

"నీ తమ్ముడే బిడ్డా. నెట్ జోరుగొస్తదని ఏదో వీడియోల చూసి పెట్టిండు."

ఆ పేరుతో జగిత్యాలలో నెలల తరబడి నెట్ వచ్చింది. దుబాయ్ నెట్‌వర్క్ ఒప్పుకోలేదు. పైన మూడు చుక్కలు నొక్కి Reset to default ఎంచుకోగానే ఆపరేటర్ అసలు ఏపీఎన్ తిరిగొచ్చింది, కాసేపటికి 4జీ వెలిగింది. ఈ అడుగుకు నెట్ అక్కర్లేదు. అందుకే నెట్‌వర్క్ సెట్టింగ్స్ మొత్తం రీసెట్ చేసేకన్నా ముందు ఇదే చేయాలి. మొత్తం రీసెట్ చేస్తే దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి. పేరు సరిగ్గా ఉన్నా కలవకపోతే అదే పేజీలో APN roaming protocol అనే గడి చూడాలి. అక్కడ IPv4/IPv6 అని రెండూ కలిపి ఉన్నది ఎంచుకోవడం మంచిది.

ఇక R పక్కన 4జీ గుర్తు కూడా ఉండి, పేజీలు మాత్రం తెరుచుకోకపోతే ఫోన్‌ను చాలావరకు వదిలేయవచ్చు. దారి ఉంది, దాంట్లో డేటా పోనివ్వడం లేదు. ఎక్కువసార్లు ఇది లెక్కల సమస్య. ప్యాక్ ఇంకా మొదలు కాకపోవచ్చు, ఆ దేశానికి అది వర్తించకపోవచ్చు, డేటా అయిపోయి ఉండవచ్చు. పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు పరిమితి దాటి ఉండవచ్చు. ఇంకో కారణం కూడా ఉంది. ప్యాక్ దేశమంతటా వర్తిస్తుందని అనుకుంటాం గానీ, అది ఆ దేశంలో ఆపరేటర్‌తో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్‌ల మీదే పనిచేస్తుంది. ప్యాక్ వివరాల్లో ఆ పేర్లుంటాయి. ఫోన్ వేరే పేరు పట్టుకుని ఉంటే మనమే సరైన పేరు ఎంచుకోవాలి. ఫోన్ వైపు ఒక్కటే చూడాలి, వీపీఎన్ ఏదైనా నడుస్తుంటే ఆపేయాలి.

ఈ మధ్య చాలామంది ప్రయాణ ఈసిమ్‌లు కొంటున్నారు. అక్కడ ఇంకో తికమక ఉంది. బిల్లు భయంతో డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంచుతారు, ఈసిమ్ పనిచేయడం లేదని అనుకుంటారు. ఇలాంటి ఈసిమ్‌లు చాలావరకు ఏదో ఒక మూడో దేశపు కంపెనీవి, కాబట్టి మనం దిగిన దేశంలో అవీ అతిథులే. వాటికి రోమింగ్ ఆన్ చేస్తేనే నెట్ వస్తుంది. ఈసిమ్‌కు రోమింగ్ ఆన్, డేటా ఎంపిక ఈసిమ్ మీద, మన ఇండియా సిమ్‌కు రోమింగ్ ఆఫ్. ఇలా ఉంచితే ఇండియా సిమ్ డేటా ఖర్చు చేయదు. దానికి ఆపరేటర్ దగ్గర అంతర్జాతీయ రోమింగ్ తెరిచి ఉంటే బ్యాంకు ఓటీపీలు మాత్రం వస్తూనే ఉంటాయి. ఏపీఎన్ పేరు ఈసిమ్ అమ్మినవాళ్లు పంపిన మెయిల్‌లో ఉంటుంది, బయల్దేరే ముందే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి.

అసలు చిక్కు ఏమిటంటే, వీటిలో కొన్నింటిని ఇక్కడ పరీక్షించి చూడలేం. ఊళ్లో నెట్ వస్తోందంటే ఏపీఎన్ సరిగ్గా ఉందని కాదు. అందుకే బయల్దేరే ముందురోజు ఏపీఎన్ పేజీ తెరిచి, అక్కడున్న పేరును మన ఆపరేటర్ ఇచ్చే పేరుతో అక్షరం అక్షరం పోల్చుకోవాలి. యాప్‌లో లాగిన్ అయి అంతర్జాతీయ రోమింగ్ ఆన్ అయిందో, ప్యాక్ ఏ సిమ్ మీద పడిందో చూడాలి. విదేశాల నుంచి చేయడానికి ఆపరేటర్ ఇచ్చే +91 నంబరును కాగితం మీద రాసుకోవాలి, ఎందుకంటే ఇక్కడి మూడంకెల కస్టమర్ కేర్ నంబరు అక్కడ కలవదు. డేటా రోమింగ్ స్విచ్ ఒక్కటి మాత్రం దిగాకే నొక్కొచ్చు. అది మన చేతిలోనే ఉంది, దానికి నెట్ అక్కర్లేదు.